సీఎఫ్ఓ జీతం ఏ పేజీలో ఉంటుంది? యాన్యువల్ రిపోర్ట్‌లో పెద్ద మేనేజర్ల పే వెతకడం

హైదరాబాద్‌లో చిన్న ఇన్వెస్టర్ల ఆదివారం మీటింగ్‌లో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.

వెనకాల ఉన్నోళ్లకి వినిపిస్తుందా అండీ? సరే. ఫ్యాన్ చప్పుడు ఎక్కువైతే చెప్పండి, ఒకటి ఆపేద్దాం.

పోయినసారి మీటింగ్‌లో ఒక సార్ అడిగారు, మా కంపెనీ ఎండీకి ఎంతిస్తున్నారో దొరికింది, సీఎఫ్ఓకి ఎంతిస్తున్నారో రిపోర్ట్ మొత్తం తిరగేసినా దొరకలేదు అని. అది చాలా మంచి ప్రశ్న, ఎందుకంటే ఆయన సరిగ్గా వెతకలేదని కాదు, చాలా రిపోర్టుల్లో నిజంగానే సీఎఫ్ఓ పేరు పక్కన రూపాయల్లో అంకె ఉండదు. ఉండదు కానీ తీయొచ్చు. ఎలా తీయాలో ఇవాళ ఒక కంపెనీ పెట్టుకుని మొత్తం చేసి చూపిస్తా.

ముందు ఒక్క విషయం. కేఎంపీ అంటాం కదా, కీ మేనేజీరియల్ పర్సనల్, అంటే ఎవరు? 2013 కంపెనీల చట్టం ప్రకారం ఎండీ లేదా సీఈఓ లేదా మేనేజర్, హోల్‌టైమ్ డైరెక్టర్లు, సీఎఫ్ఓ, కంపెనీ సెక్రటరీ, వీళ్లు కాక బోర్డు ప్రత్యేకంగా పేరు పెట్టి కేఎంపీ అన్నవాళ్లు. లిస్టెడ్ కంపెనీ అయితే పైన ఒక ఎండీయో సీఈఓనో, ఒక సీఎఫ్ఓ, ఒక సెక్రటరీ ఉండి తీరాలి. ఇదొక లెక్క. అకౌంటింగ్ స్టాండర్డ్ ఉంది కదా, ఇండ్ ఏఎస్ 24, దాని లెక్క వేరు. అందులో డైరెక్టర్లందరూ కేఎంపీనే, నెలకోసారి మీటింగ్‌కొచ్చి వెళ్లే ఇండిపెండెంట్ డైరెక్టర్ కూడా కేఎంపీనే. ఒకే రిపోర్ట్‌లో ముందు పేజీల్లో కేఎంపీ అంటే ఒక గుంపు, వెనక పేజీల్లో కేఎంపీ అంటే ఇంకో గుంపు. ఇది తెలియకుండా రెండు టోటళ్లు పక్కపక్కన పెడితే ఎప్పటికీ కలవవు. గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికొస్తాం.

ఇప్పుడు కంపెనీ. పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీ ఉన్న ఒక మందుల కంపెనీ అనుకుందాం. ఊహించుకున్న కంపెనీయే అండీ, ఇంటికెళ్లి ఇది ఫలానా వాళ్లదేనా అని గూగుల్ చేయకండి, అంకెలు నేను బోర్డు మీద లెక్కకి వీలుగా వేసుకున్నవి. ఎండీ ఉన్నాడు, ప్రమోటర్. ఒక హోల్‌టైమ్ డైరెక్టర్ ఉన్నాడు, ఈయన ప్రమోటర్ కాదు, బయటినుంచి వచ్చిన ప్రొఫెషనల్. తర్వాత సీఎఫ్ఓ, కంపెనీ సెక్రటరీ. నలుగురు. మనకి కావాల్సింది సీఎఫ్ఓ.

రిపోర్ట్ ఎక్కడ దొరుకుతుంది? bseindia.com లోనో nseindia.com లోనో కంపెనీ పేరు కొట్టి యాన్యువల్ రిపోర్ట్స్ అన్న చోట పీడీఎఫ్ దించుకోండి, కంపెనీ సైట్‌లోనూ ఉంటుంది. పీడీఎఫ్ మూడొందల పేజీలుంటుంది, చదవక్కర్లేదు. Ctrl+F కొట్టి `median` అని వెతకండి. రెమ్యునరేషన్ అని వెతికితే వందచోట్ల దొరికి తల తిరుగుతుంది, మీడియన్ అనే మాట మాత్రం రిపోర్ట్ మొత్తంలో కొద్ది చోట్లే ఉంటుంది, అందుకని. ఏమీ దొరకలేదంటే పీడీఎఫ్ స్కాన్ చేసింది అయ్యుంటుంది, బొమ్మలో అక్షరాలు వెతకడానికి రావు, అప్పుడు బోర్డ్స్ రిపోర్ట్ అనెక్షర్లు చేత్తోనే తిప్పాలి.

మీడియన్ దొరికిన చోటు ఏంటంటే, బోర్డ్స్ రిపోర్ట్‌కి ఒక అనెక్షర్. చట్టంలో సెక్షన్ 197(12), దాని కింద 2014 రూల్స్‌లో రూల్ 5(1). ఏం చెప్పాలి అక్కడ? ఒక్కో డైరెక్టర్ జీతం, కంపెనీలో మధ్యస్థ ఉద్యోగి జీతానికి ఎన్ని రెట్లు అని చెప్పాలి. మధ్యస్థ ఉద్యోగి అంటే అందర్నీ జీతం వరసలో నిలబెడితే నట్టనడుమ ఉన్నవాడు, యావరేజ్ కాదు. ఇంకా, ఒక్కో డైరెక్టర్‌కి, సీఈఓకి, సీఎఫ్ఓకి, సెక్రటరీకి ఈ ఏడాది ఎంత శాతం పెరిగింది అని చెప్పాలి.

మళ్లీ చెప్తా చూడండి. రెట్లు అనేది డైరెక్టర్లకే. శాతం అనేది డైరెక్టర్లతో పాటు సీఎఫ్ఓకి, సెక్రటరీకి కూడా. కాబట్టి సీఎఫ్ఓ ఇక్కడ ఉన్నాడు, కానీ శాతంగా మాత్రమే ఉన్నాడు, రూపాయిగా లేడు. మన కంపెనీలో ఏముందంటే, ఎండీ 158 రెట్లు, హోల్‌టైమ్ డైరెక్టర్ 52 రెట్లు, సీఎఫ్ఓకి 14 శాతం పెరిగింది, సెక్రటరీకి 8 శాతం పెరిగింది. ఈ నాలుగు అంకెలు ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టండి.

తర్వాత కార్పొరేట్ గవర్నెన్స్ రిపోర్ట్‌కి వెళ్లాలి. సెబీ లిస్టింగ్ రూల్స్ ఉన్నాయి కదా, ఎల్ఓడీఆర్ అంటాం, దాని ప్రకారం ఒక్కో డైరెక్టర్ ప్యాకేజీని విడగొట్టి చూపించాలి, జీతం ఎంత, బెనిఫిట్స్ ఎంత, బోనస్ ఎంత, స్టాక్ ఆప్షన్స్, పెన్షన్, అందులో ఫిక్స్‌డ్ ఏది, పనితీరుని బట్టి ఇచ్చేది ఏది, నోటీస్ పీరియడ్ ఎంత, మధ్యలో పంపేస్తే ఎంత ఇవ్వాలి, ఇవన్నీ. మన ఎండీకి జీతం 2.40 కోట్లు, పెర్క్స్ పీఎఫ్ కలిపి 50 లక్షలు, కమీషన్ 5 కోట్లు, మొత్తం 7.90 కోట్లు. హోల్‌టైమ్ డైరెక్టర్‌కి జీతం 1.80 కోట్లు, పెర్క్స్ పీఎఫ్ 20 లక్షలు, ఇన్సెంటివ్ 60 లక్షలు, మొత్తం 2.60 కోట్లు. సీఎఫ్ఓ? లేడు. ఎందుకు లేడు? ఆయన బోర్డులో లేడు కాబట్టి. ఈ టేబుల్ డైరెక్టర్లదే. కొన్ని కంపెనీల్లో సీఎఫ్ఓ హోల్‌టైమ్ డైరెక్టర్ కూడా అయ్యుంటాడు, అక్కడ ఈ తంటా లేదు, టేబుల్‌లోనే దొరుకుతాడు. ఇదే రిపోర్ట్‌లో సీనియర్ మేనేజ్‌మెంట్ అని ఒక లిస్ట్ కూడా ఉంటుంది ఈ మధ్య, ఎవరొచ్చారు ఎవరు పోయారు అని, అది చూసి ఆశపడకండి, అందులో పేర్లే గానీ జీతాలుండవు.

ఇక్కడే చిన్న చెక్ ఒకటి చేద్దాం, మీ ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి. 7.90 కోట్లని 158తో భాగించండి. ఎంతొచ్చింది? 5 లక్షలు. 2.60 కోట్లని 52తో భాగించండి. మళ్లీ 5 లక్షలు. అంటే మధ్యస్థ ఉద్యోగి జీతం 5 లక్షలు, ఇద్దరి లెక్కా ఒకే పద్ధతిలో చేశారన్నమాట. చాలా కంపెనీలు మధ్యస్థ జీతం రూపాయల్లో రాయవు, రెట్లు మాత్రమే రాస్తాయి, ఇలా మనమే తీసుకోవాలి.

ఇప్పుడు అదే రిపోర్ట్‌లో ఎండీకి 158 బదులు 134 అని ఉందనుకోండి. 7.90 కోట్లని 134తో భాగిస్తే 5.9 లక్షలు వస్తుంది. హోల్‌టైమ్ డైరెక్టర్ లెక్కలో 5 లక్షలు, ఎండీ లెక్కలో 5.9 లక్షలు. ఒక కంపెనీకి ఇద్దరు మధ్యస్థ ఉద్యోగులు ఉంటారా అండీ? ఉండరు. మరి ఏం జరిగింది? 134ని 5 లక్షలతో గుణించండి, 6.70 కోట్లు. 7.90కి 6.70కి తేడా 1.20 కోట్లు. ఎక్కడిదీ 1.20? పోయినేడాది రిపోర్ట్ తెరిచి చూస్తే ఎండీ కమీషన్ 3.80 కోట్లు ఉంది, ఈ ఏడాది 5 కోట్లు. తేడా సరిగ్గా 1.20.

అర్థమైందా? కమీషన్ అనేది లాభం మీద లెక్కకట్టేది, ఏడాది ముగిసి అకౌంట్స్ పాసయ్యాక చేతికి ఇస్తారు. మార్చికి ముగిసిన ఏడాది కమీషన్ చేతికొచ్చేది తర్వాతి ఏడాదిలో. ఒక టేబుల్‌లో ఈ ఏడాదికి రావాల్సింది వేశారు, ఇంకో టేబుల్‌లో ఈ ఏడాదిలో చేతికిచ్చింది వేశారు. రెండూ తప్పు కాదు. కానీ కింద చిన్న అక్షరాల్లో ఫుట్‌నోట్ ఉంటుంది, ఫర్ ద ఇయర్ అనో పెయిడ్ డ్యూరింగ్ ద ఇయర్ అనో, అది చదవకపోతే లాభాలు పడిపోయిన ఏడాదిలో ఎండీ జీతం పెరిగినట్టు కనబడుతుంది, మనం కోపం తెచ్చుకుని ఏజీఎంలో మైక్ పట్టుకుంటాం, వాళ్లు చల్లగా ఫుట్‌నోట్ చూపిస్తారు. కమీషన్ బాగా ఉన్న ఎండీల విషయంలో ముందు చూడాల్సింది ఆ ఫుట్‌నోటే అని నా అభిప్రాయం.

సరే, మళ్లీ సీఎఫ్ఓ దగ్గరికి. ఇప్పుడు వెనక పేజీలకి వెళ్లాలి, ఫైనాన్షియల్ స్టేట్‌మెంట్స్‌కి. రెండు సెట్లుంటాయి, స్టాండలోన్ అంటే ఈ కంపెనీ ఒక్కదానిదే, కన్సాలిడేటెడ్ అంటే సబ్సిడరీలతో కలిపి. ముందు స్టాండలోన్ తెరవండి, అందులో రిలేటెడ్ పార్టీ నోట్. ఇండ్ ఏఎస్ 24 ఏం అడుగుతుందంటే, కేఎంపీలకి ఇచ్చింది మొత్తంగా చెప్పు, రకాల వారీగా చెప్పు అంటుంది, స్వల్పకాల ప్రయోజనాలు ఇంత, ఉద్యోగం తర్వాతవి ఇంత, షేర్ల రూపంలో ఇచ్చింది ఇంత అని. మనిషి మనిషికీ చెప్పమని అడగదు. కొన్ని కంపెనీలు చెప్తాయి, పేరు పక్కన అంకె వేస్తాయి, అలాంటి కంపెనీ అయితే మీ పని ఇక్కడే అయిపోయింది, ఇంటికెళ్లొచ్చు. మన పటాన్‌చెరు కంపెనీ చెప్పలేదు.

మన కంపెనీ నోట్‌లో ఏముంది? స్వల్పకాల ప్రయోజనాలు 11.85 కోట్లు, పీఎఫ్ 45 లక్షలు, షేర్ బేస్డ్ పేమెంట్ 1.40 కోట్లు. దాని కింద వేరే లైన్‌లో నాన్ ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ల సిట్టింగ్ ఫీజు, కమీషన్ 90 లక్షలు. ఇందాక చెప్పాను కదా, ఈ నోట్‌లో ఇండిపెండెంట్ డైరెక్టర్లు కూడా కేఎంపీ కిందికే వస్తారని. మన అదృష్టం, ఈ కంపెనీ వాళ్లది వేరే లైన్‌లో చూపించింది. కలిపేసి ఉంటే కార్పొరేట్ గవర్నెన్స్ రిపోర్ట్‌లో వాళ్ల టేబుల్ చూసి ఆ 90 లక్షలు మనమే తీసేయాలి.

షేర్ల సంగతి కాసేపు పక్కన పెట్టండి. 11.85కి 45 లక్షలు కలిపితే 12.30 కోట్లు, ఇది నలుగురికీ కలిపి. అందులో ఎండీ 7.90 తీసేయండి, హోల్‌టైమ్ డైరెక్టర్ 2.60 తీసేయండి. మిగిలింది? 1.80 కోట్లు. ఇది సీఎఫ్ఓ, సెక్రటరీ ఇద్దరిదీ కలిపి. ఇద్దర్నీ విడగొట్టాలి, ఎలా?

పోయినేడాది యాన్యువల్ రిటర్న్ తీయండి. యాన్యువల్ రిపోర్ట్ కాదండోయ్, యాన్యువల్ రిటర్న్, ఫారం ఎంజీటీ 7. కంపెనీ వాళ్లు రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్‌కి ఇచ్చే ఫారం. దాని లింక్ బోర్డ్స్ రిపోర్ట్‌లోనే ఇవ్వాలి, కంపెనీ వెబ్‌సైట్‌లో పెట్టాలి. అందులో రెమ్యునరేషన్ ఆఫ్ డైరెక్టర్స్ అండ్ కీ మేనేజీరియల్ పర్సనల్ అని ఒక భాగం ఉంటుంది, దాంట్లో సీఈఓ, సీఎఫ్ఓ, సెక్రటరీకి ప్రత్యేకంగా టేబుల్ ఉంటుంది, పేరు, హోదా, గ్రాస్ శాలరీ, కమీషన్, స్టాక్ ఆప్షన్, ఇతరం, మొత్తం. పేరుతో సహా రూపాయల్లో. ఇదీ సీఎఫ్ఓ దాక్కున్న చోటు.

పాతకాలం వాళ్లు కొందరు తల ఊపుతున్నారు, ఇదివరకు ఇది రిపోర్ట్‌లోనే ఉండేది కదా అని. అవును ఉండేది. ఎంజీటీ 9 అని, యాన్యువల్ రిటర్న్ సారాంశం, బోర్డ్స్ రిపోర్ట్ వెనకే అతికించేవారు, అందులో సీఎఫ్ఓ జీతం నేరుగా కనబడేది. దాన్ని 2021 మార్చిలో తీసేశారు, లింక్ ఇస్తే చాలన్నారు. పేజీలు తగ్గాయి నిజమే, కానీ మనలాంటి వాళ్లకి ఒక మెట్టు పెరిగింది. అందుకే పాత రిపోర్టులు చూసి అలవాటైనవాళ్లకి కొత్త రిపోర్టుల్లో సీఎఫ్ఓ మాయమైనట్టు అనిపిస్తుంది. అయిదారేళ్ల వెనక్కి వెళ్లి పోల్చాలంటే మాత్రం ఆ పాత ఎంజీటీ 9లు బంగారం.

మరి పోయినేడాదిది ఎందుకు, ఈ ఏడాదిదే తీయొచ్చు కదా అంటారా? తీయొచ్చు, కానీ యాన్యువల్ రిటర్న్ వేయడానికి ఏజీఎం అయ్యాక 60 రోజులు టైం ఉంటుంది. రిపోర్ట్ మీ చేతికొచ్చేది ఏజీఎంకి ముందు. ఆ టైంలో లింక్ నొక్కితే కొన్ని కంపెనీలు డ్రాఫ్ట్ పెడతాయి, కొన్ని చోట్ల పాతదే ఉంటుంది. డ్రాఫ్ట్‌లో ఆ టేబుల్ నింపి ఉంటే సంతోషం. లేకపోతే నేను చెప్పేది చేయండి.

పోయినేడాది రిటర్న్‌లో సీఎఫ్ఓ 1.18 కోట్లు, సెక్రటరీ 42 లక్షలు, స్టాక్ ఆప్షన్ గడి ఇద్దరికీ ఖాళీ. ఇందాక కాగితం మీద రాసిన శాతాలు తీయండి. సీఎఫ్ఓకి 14 శాతం, 1.18ని 1.14తో గుణిస్తే దాదాపు 1.35 కోట్లు. సెక్రటరీకి 8 శాతం, 42 లక్షల మీద దాదాపు 45 లక్షలు. రెండూ కలపండి. 1.80 కోట్లు. ఇందాక తీసివేస్తే ఎంత మిగిలింది? 1.80. కలిసింది చూడండి. రెండు వేర్వేరు దార్లలో వచ్చి ఒకేచోట కలిస్తే అంకె మీద నమ్మకం పెట్టుకోవచ్చు. రిపోర్ట్‌లో ఎక్కడా రాయని సీఎఫ్ఓ జీతం, 1.35 కోట్లు, బయటికొచ్చింది.

కలవకపోతే? కలవకపోతే అదే మంచి క్లూ అండీ. చాలాసార్లు కలవదు, కారణం దాదాపు ఎప్పుడూ షేర్లు, లేదంటే మధ్యలో మనిషి మారడం. షేర్ల సంగతి ఇప్పుడు చూద్దాం, కొంచెం మెల్లగా వెళ్దాం.

నవంబర్‌లో ఈ ఏడాది ఎంజీటీ 7 వచ్చిందనుకోండి. తెరిచారు. సీఎఫ్ఓ పక్కన మొత్తం 2.30 కోట్లు ఉంది. అయ్యో, 1.35 అన్నాడు కదా ఈయన, ఆదివారం పొద్దున్నే కూర్చోబెట్టి తప్పు లెక్క చెప్పాడా అనుకుంటారు. గడులు చూడండి, గ్రాస్ శాలరీ, ఇతరం కలిపి 1.35, స్టాక్ ఆప్షన్ గడిలో 95 లక్షలు. ఎక్కడిదీ 95? ఈసాప్ ఉంది కదా, కంపెనీ షేరు 400కి కొనుక్కునే హక్కు ఎప్పుడో ఇచ్చారు, ఈ ఏడాది షేరు 1,350 ఉన్నప్పుడు ఆయన 10,000 షేర్లు తీసుకున్నాడు. ఒక్కో షేరుకి 950 లాభం, మొత్తం 95 లక్షలు. ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు దాన్ని పెర్క్విజిట్ అంటారు, జీతం కిందే పన్ను వేస్తారు, రిటర్న్‌లో ఆ విలువే వేశారు. హోల్‌టైమ్ డైరెక్టర్ 20,000 షేర్లు తీసుకున్నాడు, 1.90 కోట్లు. ఇద్దరిదీ కలిపి 2.85 కోట్లు.

కానీ రిలేటెడ్ పార్టీ నోట్‌లో షేర్ బేస్డ్ పేమెంట్ ఎంత ఉంది? 1.40 కోట్లు. అదే మనుషులు, అదే ఈసాప్ స్కీము, ఒకచోట 2.85, ఒకచోట 1.40. ఏది నిజం?

రెండూ నిజమే, కానీ రెండూ వేర్వేరు ప్రశ్నలకి జవాబులు. నోట్‌లో ఉన్న 1.40 అకౌంటింగ్ ఖర్చు. ఆప్షన్ ఇచ్చిన రోజున దాని విలువ ఎంతో లెక్కకట్టి, ఆ హక్కు పూర్తిగా చేతికొచ్చేదాకా ఉన్న ఏళ్ల మీద ముక్కలు ముక్కలుగా ఖర్చు రాస్తారు. ఆ తర్వాత షేరు 1,350 అయినా 200 అయినా ఆ ఇచ్చిన రోజు విలువ మారదు. మనిషి షేర్లు తీసుకున్నా తీసుకోకపోయినా ఖర్చు రాస్తూనే ఉంటారు. రిటర్న్‌లో ఉన్న 2.85 ఏమో ఆ మనిషి ఈ ఏడాది నిజంగా ఎంత పొందాడన్నది. ఇందులో అయిదేళ్ల క్రితం ఇచ్చిన ఆప్షన్ కూడా ఉండొచ్చు. అందుకే ఒక ఏడాది జీతం ఒక్కసారిగా రెట్టింపయినట్టు కనబడి తర్వాతి ఏడాది మళ్లీ కిందకొస్తుంది. పేపర్లో ఫలానా అధికారి జీతం ఇన్ని రెట్లు పెరిగింది అని హెడ్డింగ్ వచ్చిందంటే సగంసార్లు వెనకున్నది ఇదే.

మొత్తంగా చూస్తే నోట్ ప్రకారం నలుగురికి 13.70 కోట్లు, రిటర్న్ ప్రకారం 15.15 కోట్లు. తేడా 1.45. షేర్ల గడులు రెండూ తీసేయండి, ఇటు 12.30, అటు 12.30. తేడా మొత్తం షేర్లదే అని తేలింది, ఇంకెక్కడా ఏమీ దాచలేదని తేలింది.

ముందు వరసలో మేడమ్ అడుగుతున్నారు, ఎండీకి స్టాక్ ఆప్షన్ గడి ఎందుకు ఖాళీ అని. ఆయన ప్రమోటర్ కదండీ. ప్రమోటర్లకి, ఇండిపెండెంట్ డైరెక్టర్లకి ఈసాప్ ఇవ్వకూడదు. ప్రమోటర్ ఎండీలు కమీషన్ మీద ఎక్కువ ఆధారపడడానికి అదో కారణం.

ఇంకో ముక్క. ఈ అంకెలన్నిట్లో గ్రాట్యుటీ, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ చాలాసార్లు ఉండవు. నోట్ కింద రాసి ఉంటుంది, వాటి లెక్క కంపెనీ మొత్తానికి కలిపి కడతాం, మనిషికి విడిగా లేదు కాబట్టి కలపలేదు అని. అది సబబే. కాకపోతే పాతికేళ్లు పనిచేసిన సీఎఫ్ఓ రిటైరైన ఏడాది ఆ మొత్తం ఒక్కసారే పడుతుంది, అంకె ఎగిరిపోతుంది. అది జీతం పెంచడం కాదు.

ఇంత తిరగడం ఎందుకు, నేరుగా అడిగే దారి లేదా అంటే, ఉంది. అదే అనెక్షర్ కింద ఒక పేరా ఉంటుంది, అందరూ దాటేసే పేరా. సెక్షన్ 136 ప్రకారం ఫలానా స్టేట్‌మెంట్ లేకుండా ఈ రిపోర్ట్ పంపుతున్నాం, కావాల్సిన షేర్‌హోల్డర్లు కంపెనీ సెక్రటరీకి రాయండి అని, ఈమెయిల్ ఇస్తారు. ఏంటా స్టేట్‌మెంట్? రూల్ 5(2) కింద ఇచ్చేది, జీతంలో పైనున్న పదిమంది ఉద్యోగులు, ఇంకా ఏడాదికి 1.02 కోట్లు, అంతకంటే ఎక్కువ తీసుకునేవాళ్లు, మధ్యలో చేరినవాళ్లయితే నెలకి 8.5 లక్షల లెక్కన. పేరు, హోదా, జీతం, వయసు, అనుభవం, ఇంతకుముందు ఎక్కడ చేశారు, డైరెక్టర్లలో ఎవరికైనా బంధువా, అన్నీ ఉంటాయి. మన సీఎఫ్ఓ 1.35 కోట్లు కాబట్టి అందులో ఉంటాడు. సెక్రటరీ 45 లక్షలు, పైనున్న పదిమందిలో లేకపోతే ఉండడు.

ఒక్క షేరున్నా అడగొచ్చు. రిజిస్టర్ అయిన ఈమెయిల్ నుంచే రాయండి, పేరు, డీపీ ఐడీ, క్లయింట్ ఐడీ వేయండి, ఫలానా ఏడాది రూల్ 5(2) స్టేట్‌మెంట్ పంపండి అని రెండు వాక్యాలు రాస్తే చాలు. ఎందుకు కావాలో వివరించక్కర్లేదు, ఏజీఎం నోటీసు వచ్చిన వారంలోనే రాయండి, తర్వాత వాళ్లు మీటింగ్ పనుల్లో పడిపోతారు. షేరు లేనివాళ్లయితే కంపెనీ వ్యవహారాల శాఖ వాళ్ల ఎంసీఏ పోర్టల్‌లో పబ్లిక్ డాక్యుమెంట్స్ అనే చోట కంపెనీకి 100 రూపాయలు కట్టి ఫైల్ అయిన ఎంజీటీ 7 చూడొచ్చు.

ప్రశ్నలు రెండు తీసుకుంటా, హాల్ ఖాళీ చేయాలంట.

వెనకనుంచి బాబు అడిగింది, సీఎఫ్ఓ మధ్యలో మారితే ఏం చేయాలని. మంచిగ అడిగినవ్. ఆగస్టులో పాతాయన పోయాడు, అక్టోబర్‌లో కొత్తాయన వచ్చాడు, అప్పుడు శాతం గడిలో పోల్చడానికి రాదు అని రాసేస్తారు, నేను చెప్పిన గుణకారం అక్కడ పనిచేయదు. రిటర్న్‌లో ఇద్దరి పేర్లూ ఉంటాయి. కొత్తాయనది ఆరు నెలలకి 80 లక్షలుంటే రెట్టింపు చేసి 1.60 కోట్లు అనేయకు, చేరినప్పుడిచ్చే బోనస్ అందులో ఉండొచ్చు, అది ఒక్కసారిది. పాతాయనదాంట్లో గ్రాట్యుటీ, లీవ్ డబ్బులు కలిసుంటాయి. ఇద్దర్నీ కలిపేసి సీఎఫ్ఓ పోస్టుకి ఇంత ఖర్చు అనుకోవడమూ తప్పే. అలాంటి ఏడాదిని వదిలేసి తర్వాతి పూర్తి ఏడాది చూడు.

ఇంకోటి, సార్ అడిగింది, అమెరికా సబ్సిడరీ నుంచి కూడా జీతం తీసుకుంటే ఎక్కడ కనబడుతుందని. మన ఊరి మందుల కంపెనీలకి ఇది బాగా వర్తిస్తుంది. ఇందాక మనం స్టాండలోన్ నోట్ చూశాం. ఇప్పుడు కన్సాలిడేటెడ్‌లో అదే నోట్ తెరవండి. అక్కడ కేఎంపీ మొత్తం 13.70 బదులు 14.90 ఉందనుకోండి, ఆ 1.20 కోట్లు సబ్సిడరీ ఇచ్చి ఉండే అవకాశం ఎక్కువ. కమీషన్ తీసుకునే ఎండీయో హోల్‌టైమ్ డైరెక్టరో సబ్సిడరీ నుంచి కూడా తీసుకుంటే ఆ సంగతి బోర్డ్స్ రిపోర్ట్‌లో చెప్పాలని సెక్షన్ 197(14) అంటుంది, అక్కడ వెతకండి. సీఎఫ్ఓకి ఆ రూలు లేదు, కాబట్టి సీఎఫ్ఓ విషయంలో రెండు నోట్ల మధ్య తేడాయే మీకున్న గుర్తు. ఇంకా, విదేశాల్లో పనిచేసే ఉద్యోగులు, డైరెక్టర్లు గానీ వాళ్ల బంధువులు గానీ కానివాళ్లు, ఏడాదికి 60 లక్షలు దాటి తీసుకున్నా ఆ వివరాలు షేర్‌హోల్డర్లందరికీ పంపక్కర్లేదు, ప్రత్యేకంగా అడిగితే ఇవ్వాలి. అందుకని సెక్రటరీకి మెయిల్ రాసేటప్పుడు విదేశాల్లో ఉన్నవాళ్లది కూడా పంపండి అని ఇంకో వాక్యం చేర్చండి. అమెరికాలో లిస్టయిన డాక్టర్ రెడ్డీస్ లాంటిదైతే అక్కడి ఎస్ఈసీకి 20-F అని ఇంకో రిపోర్ట్ కూడా ఇస్తుంది, sec.gov లో ఉచితంగా దొరుకుతుంది, అందులో `Item 6` దగ్గర డైరెక్టర్ల, పెద్ద అధికారుల పే వివరాలుంటాయి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడొచ్చు.